ఫిడేలు పటము: పెట్టె పటము చూపని ఆకారము

ఏదైనా ఒక రాశిని అనేక పర్యాయములు కొలిచినప్పుడు మనకు ఒక సంఖ్యల పట్టిక లభిస్తుంది. ఆ పట్టిక అంతా ఒకరికి చదివి వినిపించలేము కనుక దానిని క్లుప్తపరచి చెప్పవలసి వస్తుంది. సగటు చెప్పడం అందరికీ తెలిసిన పద్ధతి. దానికంటె కొంత మెరుగైనది పెట్టె పటము. ఇది ఐదు సంఖ్యలతో పట్టిక నంతటిని ఒక చిన్న బొమ్మగా చూపుతుంది. ఐతే ఐదు సంఖ్యలలో ఇమడని విషయము ఒకటి ఉన్నది. విలువలు ఏ చోట గుమిగూడి ఉన్నవి, ఏ చోట పలుచబడి ఉన్నవి అన్నదే ఆ విషయము. దీనినే విభాజనము యొక్క ఆకారము అంటారు. ఈ ఆకారమును చూపడానికి ఏర్పడినదే ఫిడేలు పటము.

ఈ రెండు పటముల భేదము తెలియడానికి మనము ఒక ఉదాహరణ తీసుకొని చివరి వరకు దానితోనే నడుద్దాము. విజయవాడలో కృష్ణ ఒడ్డున ఉన్న భవానీపురంలో పగటి పొడవు ఏడాది పొడుగునా ఎట్లు మారుతుంది? పంచాంగములలో దివాప్రమాణము అని వ్రాసేది దీనినే. దీనికి పరికరములు అక్కరలేదు. త్రికోణమితి పట్టికలు ఉంటే విద్యార్థి స్వయంగా లెక్కించుకోవచ్చును.

పగటి పొడవు లెక్క

భవానీపురము సుమారు 16½ డిగ్రీల ఉత్తర అక్షాంశముపై ఉన్నది. సూర్యుడు భూమధ్యరేఖకు ఉత్తరముగా గాని దక్షిణముగా గాని ఎన్ని డిగ్రీల దూరములో ఉన్నాడో ఆ కోణమును క్రాంతి అంటారు. అది జూన్ 21 ప్రాంతమున ఉత్తరముగా సుమారు 23.4 డిగ్రీలకు, డిసెంబరు 21 ప్రాంతమున దక్షిణముగా అంతే దూరమునకు చేరుతుంది. అక్షాంశమును φ అని, క్రాంతిని δ అని అనుకుంటే, సూర్యోదయము నుండి మధ్యాహ్నము వరకు భూమి తిరిగే కోణము H ఈ సూత్రము వలన వస్తుంది:

cos H = − tan φ × tan δ

భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. ఉదయము నుండి మధ్యాహ్నము వరకు ఒక H, మధ్యాహ్నము నుండి అస్తమయము వరకు మరొక H కనుక పగటి పొడవు 8 × H నిమిషాలు.

జూన్ 16వ తేదీని చూద్దాము. ఆ నాటి క్రాంతి సుమారు 23.35 డిగ్రీలు. దాని టాంజెంటు 0.432. భవానీపురము అక్షాంశపు టాంజెంటు 0.296. రెండిటి లబ్ధము 0.128. కొసైను − 0.128 గల కోణము 97.35 డిగ్రీలు. దానిని 8తో హెచ్చిస్తే 779 నిమిషాలు, అనగా 12 గంటల 59 నిమిషాలు. ఇది సూర్యబింబపు కేంద్రమును బట్టి చేసిన లెక్క. వాతావరణములో కాంతి వంగడం వలన, బింబపు పై అంచు ముందుగా కనిపించడం వలన నిజముగా మనకు కనిపించే పగలు ఇంకొక 7 నిమిషాలు ఎక్కువగా ఉంటుంది. ఈ ఎక్కువ అన్ని దినములకు దాదాపు సమానమే కనుక ఆకారమును మార్చదు. ఇక్కడ దానిని విడిచిపెట్టుదాము.

ఇదే విధముగా ప్రతి నెల 1వ తేదీకి, 16వ తేదీకి లెక్కించగా వచ్చిన 24 విలువలు, నిమిషాలలో, ఇవి:

జనవరి 662, 668
ఫిబ్రవరి 678, 690
మార్చి 702, 716
ఏప్రిల్ 731, 744
మే 756, 767
జూన్ 775, 779
జులై 778, 773
ఆగస్టు 764, 753
సెప్టెంబరు 740, 726
అక్టోబరు 713, 699
నవంబరు 685, 674
డిసెంబరు 666, 661

సంవత్సరమును బట్టి ఒక నిమిషము అటు ఇటు కావచ్చును.

పెట్టె ఏమి చెబుతుంది?

పెట్టె పటము గీయడానికి మొదట విలువలను చిన్నదాని నుండి పెద్దదానికి వరుసగా పేర్చవలెను:

661, 662, 666, 668, 674, 678, 685, 690, 699, 702, 713, 716, 726, 731, 740, 744, 753, 756, 764, 767, 773, 775, 778, 779.

వీనిని నాలుగు సమాన భాగములు చేస్తే ఒక్కొక్క భాగములో ఆరు విలువలు ఉంటవి. సరిగ్గా నడుమ పడే సంఖ్య 716కు, 726కు మధ్యది, 721. ఇది మధ్యగతము. మొదటి భాగమునకు రెండవ భాగమునకు నడుమ 681.5, మూడవదానికి నాల్గవదానికి నడుమ 760 వస్తవి. ఇవి చతుర్థాంశములు. కనిష్ఠము 661, గరిష్ఠము 779. ఈ ఐదే పెట్టె పటమునకు కావలసిన సంఖ్యలు. నిలువు స్కేలుపై 681.5 నుండి 760 వరకు ఒక పెట్టె గీసి, 721 వద్ద దానిలో అడ్డగీత గీసి, పెట్టె పై అంచు నుండి 779 వరకు, క్రింది అంచు నుండి 661 వరకు మీసములవలె గీతలు గీస్తే పటము పూర్తి అవుతుంది. పెట్టె ఎత్తుకు ఒకటిన్నర రెట్ల కంటె ఎక్కువ దూరములో పడిన విలువలను విడి చుక్కలుగా పెట్టడం వాడుక. మన పట్టికలో అట్టివి లేవు.

ఈ పద్ధతిని అమెరికా గణాంక శాస్త్రవేత్త జాన్ టుకీ 1977లో వెలువరించిన గ్రంథము ద్వారా లోకమంతటా వాడుకలోనికి తెచ్చినాడు. అప్పటికి కంప్యూటరుతో బొమ్మలు గీయడం సామాన్యులకు అందుబాటులో లేదు. కాగితము, పెన్సిలు ఉంటే చాలునన్నదే ఈ పటము గొప్ప సౌకర్యము.

ఇప్పుడు ఈ పెట్టెను ఒక విద్యార్థికి చూపి, భవానీపురంలో ఏ పొడవు గల పగళ్ళు ఎక్కువ అని అడగండి. పెట్టె లావుగా, మీసములు సన్నగా ఉన్నవి. దాని నడుమ గీత 12 గంటల వద్ద ఉన్నది. అందువల్ల చాలా మంది "12 గంటలకు దగ్గరగా ఉన్న పగళ్ళే ఎక్కువ, మరీ పొడవైనవి, మరీ పొట్టివి అరుదు" అని చెబుతారు. కంటికి అట్లే తోస్తుంది.

పట్టికను చూస్తే సత్యము దీనికి వ్యతిరేకముగా ఉన్నది. 12 గంటలకు, అనగా 720 నిమిషాలకు, 20 నిమిషాల కంటె తక్కువ తేడాలో ఉన్న విలువలు 24లో ఐదు మాత్రమే. 40 నిమిషాల కంటె ఎక్కువ తేడాతో ఉన్నవి పన్నెండు. మధ్యగతమునకు దగ్గరగా ఉండే పగళ్ళే ఏడాదిలో అరుదైనవి!

పెట్టె అబద్ధము చెప్పలేదు. జాగ్రత్తగా చదివేవారికి అది ఒక సూచన కూడా ఇస్తుంది. పై మీసము పొడవు 19 నిమిషాలు. పెట్టెలో మధ్యగతము నుండి పై అంచు వరకు 39 నిమిషాలు. రెండిటిలోను ఆరేసి విలువలే ఉన్నవి. అనగా పొట్టి మీసములో విలువలు ఒత్తుగా, పొడవైన పెట్టెలో పలుచగా ఉన్నవని అర్థము. పెట్టె పటములో పొడవు ఎక్కువైతే సాంద్రత తక్కువ. లావుగా కనిపించేదే ఎక్కువ అనుకొనే మన కంటికి ఇది తలక్రిందుల భాష. ఈ సూచన కూడా ఒక హద్దు వరకే పనిచేస్తుంది. ప్రతి భాగములో ఆరు విలువలు ఉన్నవని పెట్టె చెప్పగలదు. ఆ ఆరు ఆ భాగములో ఎక్కడ ఉన్నవో చెప్పలేదు.

దీనిని రుజువు చేయడానికి మరొక పట్టికను కల్పిద్దాము. ఇది ఏ ఊరి లెక్కా కాదు. పెట్టెను పరీక్షించడానికే చేసినది:

661, 664, 668, 670, 672, 673, 690, 712, 716, 718, 719, 720, 722, 723, 724, 726, 730, 752, 768, 770, 772, 774, 777, 779.

దీనికి కూడా కనిష్ఠము 661, చతుర్థాంశములు 681.5, 760, మధ్యగతము 721, గరిష్ఠము 779. రెండు పట్టికల పెట్టె పటములను ఒకదానిపై ఒకటి పెడితే గీతకు గీత సరిపోతుంది. కాని ఈ రెండవ పట్టికలో 712 నుండి 730 వరకు గల కొద్ది చోటిలోనే పది విలువలు గుమిగూడినవి. మొదటి పట్టికలో అదే చోట మూడే ఉన్నవి. పెట్టెను మాత్రమే చూసిన వారికి ఈ భేదము ఎన్నటికీ తెలియదు.

ఫిడేలు ఎట్లు తయారవుతుంది?

ఆకారమును చూడడానికి మనకు తెలిసిన పాత పద్ధతి సోపాన చిత్రము. 660 నుండి 20 నిమిషాల చొప్పున గదులు చేసి లెక్కిస్తే భవానీపురము పట్టికకు 6, 3, 3, 2, 4, 6 వస్తవి. రెండు కొనల ఒత్తుదనము ఇక్కడే కనిపిస్తున్నది. ఐతే గదుల హద్దులను కాస్త జరిపితే ఈ అంకెలు మారిపోతవి. 740 అన్న విలువ సరిగ్గా హద్దుపై ఉన్నది. దానిని ఏ గదిలో వేయాలన్నది మన ఇష్టము. ఈ చిక్కును తొలగించడానికి మరొక ఉపాయము ఉన్నది.

కల్లములో ధాన్యము పోసినప్పుడు గుట్టవలె నిలుస్తుంది గదా. స్కేలుపై ప్రతి విలువ వద్ద ఒక చిన్న ధాన్యపు గుట్ట పోసినట్లు ఊహించండి. గుట్ట శిఖరము ఆ విలువపై ఉంటుంది, ఎత్తు 1. అటు 20, ఇటు 20 నిమిషాల దూరములో ఎత్తు సున్న అవుతుంది. విలువలు దగ్గరగా ఉన్న చోట గుట్టలు ఒకదానిపై ఒకటి పడి మొత్తము ఎత్తు పెరుగుతుంది. అన్ని గుట్టల ఎత్తులను కూడితే ఆ చోటి సాంద్రత వస్తుంది. గుట్ట త్రిభుజాకారముగా ఉండవచ్చును, గంట ఆకారముగా ఉండవచ్చును. కంప్యూటర్లు సాధారణముగా గంట ఆకారమును వాడుతవి. చేతి లెక్కకు త్రిభుజము సులభము. ఈ పద్ధతికి గణిత పునాదులను 1956లో మరీ రోజెన్‌బ్లాట్, 1962లో ఇమాన్యుయెల్ పార్జెన్ వేసినారు.

720 వద్ద సాంద్రత ఎంతో చూద్దాము. 20 నిమిషాల లోపల ఉన్న విలువలు 702, 713, 716, 726, 731. వీటి దూరములు 18, 7, 4, 6, 11. దూరము 18 అయితే ఆ గుట్ట ఇక్కడ ఇచ్చే ఎత్తు 1 − 18/20, అనగా 0.10. అట్లే మిగిలినవి 0.65, 0.80, 0.70, 0.45. మొత్తము 2.70.

ఇదే లెక్కను మరి నాలుగు చోట్ల చేస్తే ఈ విధముగా వస్తుంది:

670 వద్ద 4.50
695 వద్ద 2.95
720 వద్ద 2.70
745 వద్ద 3.15
770 వద్ద 4.75

ఇప్పుడు నిలువు స్కేలు గీసి, ప్రతి చోట ఈ సంఖ్యకు తగిన వెడల్పును కుడివైపున ఒకసారి, ఎడమవైపున ఒకసారి గుర్తించి, బిందువులను నున్నని గీతతో కలపండి. వచ్చిన ఆకారమే ఫిడేలు పటము. కుడి ఎడమలు ఒకే సమాచారము. రెండుసార్లు గీయడం కంటికి సౌకర్యము కొరకే. 1998లో జెర్రీ హింట్జ్, రే నెల్సన్ అనువారు ఈ సాంద్రతా చిత్రమును పెట్టె పటముతో జోడించి, కొన్ని బొమ్మలు ఫిడేలును పోలి ఉన్నవని ఆ పేరు పెట్టినారు. అందుచేతనే నేటికీ చాలా ఫిడేలు పటముల నడుమ ఒక సన్నని పెట్టె కనిపిస్తుంది.

మన పటము మాత్రము ఫిడేలువలె కంటె డమరుకమువలె ఉన్నది. రెండు కొనలు ఉబ్బి, నడుము సన్నగా ఉన్నది. కల్పిత పట్టికకు అవే ఐదు చోట్ల లెక్కిస్తే 4.90, 0.90, 8.00, 0.95, 4.90 వస్తవి. దాని పటము మూడు పూసలు గుచ్చిన దండవలె, నడిమి పూస అన్నిటికంటె లావుగా ఉంటుంది. పెట్టెలు ఒక్కటే, ఆకారములు డమరుకము, పూసల దండ.

డమరుకము ఎందుకు వచ్చినది?

ఆకారము కనిపించగానే దానికి కారణమును వెదకవలెను. మన పట్టికలో కారణము స్పష్టము. మార్చి 1 నుండి 16 వరకు పగలు 702 నుండి 716కు పెరిగినది. పదిహేను రోజులలో 14 నిమిషాలు. డిసెంబరు 1 నుండి 16 వరకు 666 నుండి 661కి తగ్గినది. అంతే కాలములో 5 నిమిషాలు మాత్రమే. జూన్ 16 నుండి జులై 1 వరకు ఒకే ఒక్క నిమిషము తేడా. ఊగే ఉయ్యాల నడుమ వేగముగా సాగి, కొనలకు చేరేటప్పటికి నెమ్మదించి, ఒక్క క్షణము ఆగి వెనుదిరుగుతుంది. క్రాంతి కూడా అంతే. ఉత్తరపు కొనలోను దక్షిణపు కొనలోను సూర్యుడు చాలా దినములు తచ్చాడుతాడు. భూమధ్యరేఖను మాత్రము త్వరగా దాటిపోతాడు. అందువల్ల పొడవైన పగళ్ళు ఎక్కువ, పొట్టి పగళ్ళు ఎక్కువ, సమమైన పగళ్ళు తక్కువ. ఉయ్యాల యొక్క స్థానమును సమాన కాలవ్యవధులలో కొలిచి పటము గీసినా ఇట్టి డమరుకమే వస్తుంది.

ఒకే గుంపు అనుకొన్నదానిలో రెండు గుంపులు ఉన్నప్పుడు కూడా రెండు ఉబ్బులు వస్తవి. ఒక తరగతిలో సగము మందికి బీజగణితము బాగా వచ్చి, తక్కిన సగము మందికి పునాది లేకపోతే మార్కులు రెండు చోట్ల పోగుపడతవి. మధ్యగతపు మార్కు వచ్చిన విద్యార్థి తరగతిలో ఒక్కడూ ఉండకపోవచ్చును. ఆ మధ్యగతమును ఉద్దేశించి పాఠము చెబితే అది ఎవ్వరికీ సరిపడదు. పెట్టె పటము అక్కడ ఒక సాధారణ తరగతినే చూపుతుంది. రెండు ఉబ్బులు కనిపించినప్పుడు అవి ఒకే చలనము యొక్క రెండు కొనలా, లేక కలిసిపోయిన రెండు వేర్వేరు గుంపులా అన్నది పటము చెప్పదు. విషయము తెలిసినవారే చెప్పవలెను.

ఫిడేలు మోసపుచ్చే తావులు

పైన గుట్ట సగము వెడల్పును 20 నిమిషాలుగా తీసుకొన్నాము. ఆ 20 ఎక్కడ నుండి వచ్చినది? మనమే ఎన్నుకొన్నాము. ఫిడేలు పటము యొక్క ప్రధానమైన బలహీనత ఇదే. దానిని 60గా తీసుకొని మళ్ళీ లెక్కించండి. 720 వద్ద 9.47, 770 వద్ద 8.75 వస్తవి. నడుము కొన కంటె లావైపోయినది! డమరుకము పోయి పీపా వచ్చినది. గుట్టలు మరీ వెడల్పైతే రెండు కొనల ధాన్యమూ నడుమకు జారి అక్కడ లేని ఒత్తుదనమును కల్పిస్తవి. దానికి మారుగా సగము వెడల్పును 5గా తీసుకుంటే 702కు, 713కు నడుమ, 708 వద్ద సాంద్రత సున్న అవుతుంది. పటము తెగిపోయి విడివిడి ముక్కలుగా కనిపిస్తుంది. ఆ ముక్కలకు అర్థమేమీ లేదు. పక్షమునకు ఒక్కరోజు మాత్రమే తీసుకొన్నందున ఏర్పడిన ఖాళీలవి.

కంప్యూటరు కూడా ఏదో ఒక వెడల్పును తనంతట తాను ఎన్నుకొంటుంది. సాధారణ సూత్రము విలువల ప్రామాణిక విచలనమును, విలువల సంఖ్యను బట్టి వెడల్పును నిర్ణయిస్తుంది. ఆ సూత్రము ఒకే ఉబ్బు గల విభాజనములకు తగినట్లు చేసినది. రెండు ఉబ్బులు ఉన్నప్పుడు ప్రామాణిక విచలనమే పెద్దదై గుట్టలు అవసరము కంటె వెడల్పవుతవి. మన 24 విలువలకు ఆ సూత్రము ఇచ్చే గంట ఆకారపు గుట్టలతో లెక్కిస్తే నడుమకు కొనకు నిష్పత్తి సుమారు 8కి 9 మాత్రమే. డమరుకపు నడుము కాస్త నొక్కుకొన్నట్లు కనిపిస్తుందే కాని పైన మనము చూసినంత స్పష్టముగా ఉండదు. `seaborn` అనే ఉపకరణమును వాడేవారు `bw_adjust=0.4` అని వ్రాస్తే మన త్రిభుజపు గుట్టలకు దాదాపు సరిపోయే వెడల్పు వస్తుంది.

కనుక ఏ ఫిడేలు పటమునైనా ఒక్క వెడల్పుతో నమ్మరాదు. వెడల్పును సగము చేసి ఒకసారి, రెట్టింపు చేసి ఒకసారి గీసి చూడవలెను. రెండిటిలోను నిలిచిన ఉబ్బులను లెక్కలోనికి తీసుకోవచ్చును. ఒక్కదానిలోనే కనిపించి మాయమయ్యేవాటిని అనుమానించవలెను. పటముపై అసలు విలువలను చుక్కలుగా కూడా గుర్తిస్తే చదువరి తానే సరిచూసుకోగలడు. 24 వంటి చిన్న సంఖ్యలకు ఇది తప్పనిసరి.

రెండవ మోసము కొనల వద్ద జరుగుతుంది. సగము వెడల్పు 20తోనే 790 వద్ద సాంద్రతను లెక్కించండి. 779, 778, 775, 773 వద్ద ఉన్న గుట్టల అంచులు అక్కడికి చేరుతవి: 0.45, 0.40, 0.25, 0.15, మొత్తము 1.25. పటము 790 వద్ద కొంత వెడల్పు చూపుతుంది. కాని మన లెక్క ప్రకారము భవానీపురంలో 790 నిమిషాల పగలు ఏనాడూ రాదు. అత్యధికమైన పగలు 779 నిమిషాలు. క్రాంతి అంతకు మించదు. గుట్ట అంచు హద్దు దాటి చిందడం వలన ఏర్పడిన నీడ మాత్రమే అది. హద్దులు గల ప్రతి రాశికి ఈ చిక్కు ఉన్నది. వర్షపాతపు ఫిడేలు సున్నకు క్రిందికి దిగుతుంది. నూటికి వేసిన మార్కుల ఫిడేలు నూరు దాటుతుంది. `seaborn`లో `cut=0` అని వ్రాస్తే పటము కనిష్ఠ గరిష్ఠముల వద్ద తెగుతుంది. ఐతే హద్దు దాటి చిందిన ధాన్యము తిరిగి లోపలికి రాదు కనుక అంచు వద్ద ఒత్తుదనము నిజము కంటె తక్కువగానే కనిపిస్తుంది. మన డమరుకము నిజమైన కొనలు పటములో కంటె ఇంకా వెడల్పుగా, ఇంకా తటాలున తెగినట్లు ఉండవలసినవి.

మూడవది, వెడల్పు అంటే సంఖ్య కాదు. వాడుకలో ప్రతి ఫిడేలును ఒకే వైశాల్యముతో గీస్తారు. 24 విలువల పటము, 2400 విలువల పటము ఒకే పరిమాణములో పక్కపక్కన నిలబడతవి. ఎన్ని విలువలపై ఆధారపడినదో పటము క్రింద వ్రాయకపోతే బలహీనమైనది, బలమైనది ఒకే రీతిగా కనిపిస్తవి.

తరగతిలో చేయదగిన పని

పై లెక్కను విద్యార్థులు 365 దినములకు చేస్తే ఖాళీలు పూడి, డమరుకము నున్నగా వస్తుంది. తరువాత అదే సూత్రములో అక్షాంశమును మార్చి చూడవచ్చును. భూమధ్యరేఖపై tan φ సున్న కనుక అన్ని పగళ్ళూ 720 నిమిషాలే. అక్కడ ఫిడేలు ఒక అడ్డగీతగా కుదించుకొని పోతుంది. సుమారు 34 డిగ్రీల అక్షాంశముపై ఉన్న శ్రీనగరములో పగలు 12 గంటలకు అటు ఇటు సుమారు 2 గంటల 17 నిమిషాల వరకు మారుతుంది. భవానీపురంలో ఆ మార్పు 59 నిమిషాలే. రెండు ఊళ్ళ ఫిడేళ్ళను ఒకే స్కేలుపై పక్కపక్కన గీస్తే శ్రీనగరపు డమరుకము పొడవుగా సాగి సన్నబడుతుంది. రెండు కొనలు ఉబ్బి నడుము సన్నగా ఉండడం మాత్రము మారదు. పరిమాణమును పెట్టె కూడా చూపగలదు. రెండు ఊళ్ళలోను సూర్యుడు కొనల వద్దనే ఎక్కువ కాలము గడుపుతాడన్న సంగతి ఫిడేలును చూసినప్పుడే కంటికి కడుతుంది. విద్యార్థులు మొదట పెట్టెలను గీసి, నడుమ ఎన్ని పగళ్ళు ఉండునో ఊహించి వ్రాసి, ఆ తరువాత పట్టికలో లెక్కపెట్టి సరిచూసుకొంటే రెండు పటముల భేదము ఒక్క గంటలో బోధపడుతుంది.